అమ్మిన వెల నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు శాతం తీసివేయకండి

ప్రశ్న: మాది కాజీపేట. డిగ్రీ పూర్తి చేసి రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షకు చదువుతున్నాను. లాభనష్టాల్లో వరుస రాయితీల లెక్కలు సూత్రంతో చేసేస్తాను. కానీ అమ్మిన వెల ఇచ్చి కొన్న వెల అడిగితే తప్పు పోతోంది. నాకు వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంటుంది కాబట్టి తప్పు చేశానని కూడా తెలియడం లేదు. ఇంకా షార్ట్‌కట్‌లు నేర్చుకోవాలా?

జవాబు: వద్దు. ఉన్న సూత్రాలే మీకు ఎక్కువ. లెక్కలో శాతం కనిపించిన ప్రతిచోటా ‘ఇది దేని మీద శాతం?’ అని అడగడం ఒక్కటే అలవాటు చేసుకోవాలి. రాయితీ ప్రకటన వెల మీద, లాభం కొన్న వెల మీద లెక్కిస్తారు. మీకు ఇచ్చిన అమ్మిన వెల ఈ రెంటిలో ఏదీ కాదు. మీ పొరపాటు అక్కడే పుడుతోంది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే వ్యాపారి ఒకరున్నారనుకోండి. ఒక పెద్ద జంపఖానా మీద వెల చీటీ అంటించి, మొదట 20 శాతం, తగ్గిన ధర మీద మళ్లీ 10 శాతం రాయితీ ఇచ్చి 2160 రూపాయలకు అమ్మారు. అయినా 8 శాతం లాభం మిగిలింది. కొన్న వెల ఎంత? చీటీ మీద ఉన్న వెల ఎంత?

చాలామంది 2160లో 8 శాతం తీసేసి 1987.20 అని గుర్తిస్తారు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ తొందర తెలుసు, అందుకే ఆ అంకె ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. కానీ ఆ 8 శాతం కొన్న వెల మీద లెక్కించినది. కొన్న వెల 100 అయితే అమ్మిన వెల 108. కాబట్టి 2160ని 108తో భాగించి 100తో గుణించాలి. 2160లో 108 సరిగ్గా 20 సార్లు పోతుంది. కొన్న వెల 2000 రూపాయలు.

సరిచూడటానికి మీ జవాబుతో ముందుకు నడవండి. 2000కు 8 శాతం 160, కలిపితే 2160. అదే 1987.20కి 8 శాతం కలిపితే 2146 దగ్గరే ఆగిపోతుంది. తప్పు జవాబు ఇలా దొరికిపోతుంది. ఎన్‌టీపీసీ మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఈ చూపుకు పట్టే కొన్ని సెకన్లు వృథా కావు.

ఇప్పుడు చీటీ సంగతి. 20 శాతం తగ్గిస్తే 100లో 80 మిగులుతుంది. రెండో రాయితీ ఆ 80 మీదే కాబట్టి తగ్గేది 8, మిగిలేది 72. మొత్తం రాయితీ 28 శాతం, 30 కాదు. మీరు వాడే a + b − ab/100 సూత్రం చెప్పేదీ ఇదే. 72 భాగాలు 2160 అయితే ఒక భాగం 30, చీటీ వెల 3000. రెండు రాయితీలను కలిపేసి 30 శాతం అనుకున్నవారు 2160ని 0.7తో భాగించి 3085.71 దగ్గర చిక్కుకుంటారు. వెల ఇలా పైసల్లోకి విరిగిపోతే ఒకసారి ఆగి చూసుకోండి. ప్రతి తప్పూ ఇలా బయటపడదు కానీ, ఇది మంచి హెచ్చరిక.

మూడు రాయితీలు వస్తే ఆ సూత్రాన్ని రెండుసార్లు వాడాలి. దానికంటే మిగిలే భాగాలను గుణించుకుంటూ పోవడం తేలిక. గుణకారం కాబట్టి 20 ముందైనా 10 ముందైనా ఫలితం మారదు. అయితే ఒక రాయితీ శాతంలో, మరొకటి రూపాయల్లో ఉంటే ఈ మాట చెల్లదు. 3000 మీద ముందు 500 తగ్గించి తర్వాత 20 శాతం తీస్తే 2000 వస్తుంది. ముందు 20 శాతం తీసి తర్వాత 500 తగ్గిస్తే 1900. ఇలాంటి ప్రశ్నలో వరుసను జాగ్రత్తగా చదవాలి.

రూపాయలే ఇవ్వకుండా, ఇవే శాతాలు చెప్పి ‘కొన్న వెల కంటే ఎంత శాతం ఎక్కువ ప్రకటించాడు?’ అని కూడా అడుగుతారు. భయపడకండి. ప్రకటన వెలలో 72 శాతం, కొన్న వెలలో 108 శాతం, రెండూ ఒకే అమ్మిన వెల. అంటే ప్రకటన వెల, కొన్న వెల 108 : 72, తగ్గిస్తే 3 : 2. కాబట్టి 50 శాతం ఎక్కువ. జంపఖానా 3000, 2000 కావడం కూడా ఇదే.

ఈ వారం కొత్త లెక్కలు మొదలుపెట్టకండి. పాత ప్రశ్నపత్రాల్లో మీరు తప్పుచేసిన లాభనష్టాల లెక్కలు తీసి, ప్రతి శాతం కింద ‘ప్ర.వె.’ అనో ‘కొ.వె.’ అనో పెన్సిల్‌తో రాయండి. ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి. వాటిలో ఈ రకం తప్పక చేయండి: రెండు వస్తువులను ఒక్కొక్కటి 1200కు అమ్మితే ఒకదాని మీద 20 శాతం లాభం, మరొకదాని మీద 20 శాతం నష్టం. లాభమూ నష్టమూ చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కొన్న వెలలు వెనక్కి కట్టి చూడండి. 1200ని 120తో భాగించి 100తో గుణిస్తే మొదటిది 1000, 80తో భాగించి 100తో గుణిస్తే రెండోది 1500. పెట్టినది 2500, వచ్చినది 2400.