‘బెంగ పెట్టుకుంది’ అనుకునే ముందు రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటాం. మావారికి మస్కట్ బదిలీ అయింది. కంపెనీ ఇచ్చే ఇంట్లో కుక్కల్ని ఉంచనివ్వరు. అందుకని మా మల్లిని (ఆరేళ్ల ఆడకుక్క, నాటు జాతి, 18 కిలోలు) హోసూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో వదులుతున్నాం. 20న మా ప్రయాణం. సూట్‌కేసులు దించినప్పటి నుంచి, అంటే ఐదు రోజులుగా, అది అన్నం ముట్టడం లేదు. మూలన పడుకునే ఉంటోంది. ఒళ్లు వెచ్చగా అనిపించి నిన్న సగం డోలో 650 వేశాం. మేం వెళ్లిపోతున్నామని దానికి తెలిసిపోయింది. మా అత్తయ్య గారి నిద్రమాత్ర సగం వేసి, నిద్రలో ఉండగా వదిలి వచ్చేయమని అందరూ అంటున్నారు. అలా చేయొచ్చా? దానికి బాధ లేకుండా ఎలా వీడ్కోలు చెప్పాలి? మా ఎనిమిదేళ్ల బాబు ఏడుపు ఆపడం లేదు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, వీడ్కోలు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మల్లిని ఈరోజే, మరీ కుదరకపోతే రేపు పొద్దున్నే, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నేను మీ ఉత్తరం చూసి రాస్తున్నానే తప్ప దాన్ని చేత్తో తాకి చూడలేదు. కాబట్టి చూసిన డాక్టరు చెప్పిందే వినండి. కానీ ఇన్ని రోజుల పస్తును బెంగ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

కుక్కలకు బెంగ ఉండదని కాదు. ఇల్లు సర్దుతుంటే వాటికి తెలుస్తుంది. ఒకటి రెండు పూటలు తిండి తగ్గిస్తాయి, గుమ్మం దగ్గర కాపలా పడుకుంటాయి, ఒకరి వెనకాలే తిరుగుతాయి. అలాంటి కుక్క కూడా ఉడికించిన కోడిముక్క చేత్తో పెడితే తీసుకుంటుంది. గొలుసు చప్పుడైతే చెవులు నిక్కబొడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బెంగకు జ్వరం రాదు. మీరు ఒళ్లు వెచ్చగా ఉందన్నారు. కుక్క ఒళ్లు మనకు ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది, ఎందుకంటే దాని మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. చేయి పెట్టి చూస్తే తెలియదు, ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసినా తెలియదు. మామూలు డిజిటల్ థర్మామీటరుకు కాస్త వ్యాసలీన్ రాసి, ఒకరు తల పట్టుకుంటే, మలద్వారంలో ఒక అంగుళం మేర పెట్టి చూడండి. 103 దాటితే అది జ్వరమే. ఆ థర్మామీటరును ఇక మనుషులకు వాడకండి. రేబిస్ టీకా గడువు దాటకపోయి ఉంటే పై పెదవి ఎత్తి చిగుళ్లు కూడా చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి ఉన్నా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు ఉన్నా, మూత్రం కాఫీ రంగులో వస్తున్నా రేపటిదాకా ఆగొద్దు.

నా అనుమానం ప్రధానంగా టిక్ ఫీవర్ మీద. గోమార్లు కరవడం వల్ల వచ్చే జ్వరం ఇది. బెంగళూరులో మా క్లినిక్‌కు తిండి మానేసి వచ్చే కుక్కల్లో మేం మొదట వెతికేది దీన్నే. ఎర్లీషియా అనే సూక్ష్మజీవి గోమారి నుంచి రక్తంలోకి చేరి ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. ఒక్కోసారి దానితోపాటు బబీసియా కూడా ఉంటుంది. అది ఎర్రకణాలను పగలగొడుతుంది, దాని మందులు వేరు. కరిచిన రోజే జబ్బు కనిపించదు, ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అప్పటికి ఆ గోమారి రాలిపోయి ఉండొచ్చు. ‘మా కుక్కకు గోమార్లు లేవండీ’ అనే మాట నేను రోజూ వింటాను, ఆ మాటతో రక్తపరీక్ష మానను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక కుటుంబం ఊరు మారుతూ తమ లాబ్రడార్‌ను కోలారులో చుట్టాలింట్లో వదిలింది. మూడో రోజు నుంచి అది తిండి మానేసింది. వీళ్లు ఫోన్ చేస్తే ‘మీ మీద బెంగ, సర్దుకుంటుంది’ అని వాళ్లు అన్నారు. వాళ్లు కంగారు పడితే ‘బెంగేలే, నాలుగు రోజులు ఆగండి’ అని వీళ్లు అన్నారు. పదకొండో రోజున ముక్కులోంచి రక్తం కారుతుంటే కారులో వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. ప్లేట్‌లెట్లు 14 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సాధారణంగా రెండు లక్షలకు పైనే ఉంటాయి. రక్తం ఎక్కించాం. రెండో రోజు రాత్రి పోయింది. రోజుల లెక్క చూస్తే జబ్బు పాత ఇంట్లోనే అంటి ఉండాలి, బయటపడింది మాత్రం కొత్త ఇంట్లో. మొదటి వారంలోనే తెచ్చి ఉంటే చాలావరకు మాత్రలతోనే తగ్గేది. వాళ్లిద్దరూ ఆ కుక్కను ప్రేమించినవాళ్లే. బెంగ అనే మాట దగ్గర ఆగిపోయారు, అంతే. ఇల్లు మారే కుక్క తిండి మానేస్తే బెంగ అన్నది అన్నిటికంటే చివర అనుకోవాలి.

ఇక డోలో. మల్లి బరువుకు ఒక్కసారి వేసిన సగం మాత్ర వల్ల ప్రాణం మీదికి రాకపోవచ్చు. కానీ మళ్లీ వేయకండి, ఎప్పుడు వేశారో డాక్టరుకు చెప్పండి. అది జ్వరాన్ని కాసేపు దాచేస్తుంది, కాలేయం మీద భారం వేస్తుంది. ఇబుప్రోఫెన్ ఉన్న మాత్రలైతే అసలు దగ్గరికే రానివ్వొద్దు. కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు అదే రక్తస్రావమవుతుంది. మన బీరువాలో ఉన్న మాత్రల డబ్బా మనకే. అర ముక్కలు చేసినంత మాత్రాన అవి కుక్క మందులైపోవు.

మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో మీరు రాయలేదు. రాయాల్సింది. చేయించకపోతే, ఈమధ్య ఒకటి రెండు నెలల్లో ఎదకు వచ్చి ఉంటే, నీళ్లు మామూలుకంటే ఎక్కువ తాగుతుంటే, గర్భసంచిలో చీము పట్టిందేమో కూడా చూడాలి. బయటికి చీము కారకపోయినా లోపల ఉండొచ్చు. స్కానింగ్‌లో తెలుస్తుంది. అది మాత్రలతో నెట్టుకొచ్చేది కాదు, చాలావరకు ఆపరేషనే. అలాగే రేబిస్ టీకా గడువు దాటిపోయి ఉంటే గదిలోకి వెళ్లకముందే ఆ మాట డాక్టరుకు చెప్పండి, దాని నోట్లో చేతులు పెట్టకండి.

పూర్తి రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క, రక్తం చుక్కను గాజు పలక మీద చూసే పరీక్ష – మొదట ఇవి చాలు. గాజు పలక మీద ఏమీ కనబడకపోయినా జబ్బు లేదని కాదు, మిగతావి చూసి డాక్టరు మందు మొదలుపెట్టొచ్చు. ఖర్చు ఆలోచించేవాళ్లకు హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఎర్లీషియానే అయితే సాధారణంగా ఇచ్చే మందు డాక్సీసైక్లిన్, 28 రోజులు. మోతాదు బరువును బట్టి డాక్టరు రాస్తారు, నేనిక్కడ రాయను. మీ వీడ్కోలుకు, ఈ జబ్బుకు ముడి పడేది ఇక్కడే. రెండు మూడు రోజుల్లో మల్లి లేచి తింటుంది, తోక ఊపుతుంది. మీరు ఊపిరి పీల్చుకుని విమానం ఎక్కుతారు. ఇంకా మందు మిగిలే ఉంటుంది. మీ ఆడపడుచు గారు బాగున్న కుక్కను చూసి, దీనికి మాత్రలెందుకని మానేస్తారు. నేను చూసిన తిరగబెట్టిన కేసుల్లో చాలావాటి కథ ఇదే. అందుకని మాత్రలన్నీ లెక్కపెట్టి ఒక డబ్బాలో వేసి, చివరి మాత్ర ఏ తేదీనో దాని మీద రాసివ్వండి. మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టొద్దని చెప్పండి, పెరుగులోని కాల్షియం మందును కొంత పట్టేస్తుంది. గుడ్డు ముక్కలో పెట్టి, వెనకాలే నీళ్లు తాగించాలి. హోసూరులో ఒక పశువైద్యుడిని ఇప్పుడే మాట్లాడుకుని రిపోర్టులు పంపండి. ప్లేట్‌లెట్లు మళ్లీ చూడాల్సింది ఆయనే కదా. అక్కడ ఇంకో కుక్క ఉంటే, మల్లి గడప దాటకముందే రెండింటికీ గోమార్ల మందు పడాలి.

నిద్రమాత్ర వద్దమ్మా. జబ్బుగా ఉన్న కుక్కకు అది ఎంత పనిచేస్తుందో, ఎటు పనిచేస్తుందో చెప్పలేం. కొన్ని నిద్రపోకుండా పిచ్చెత్తినట్టు తిరుగుతాయి. పోనీ నిద్రపోయిందే అనుకోండి, మెలకువ వచ్చేసరికి తెలియని గోడలు, తెలియని వాసన, మీరు లేరు. అప్పుడు తలుపు సందు దొరికితే పరిగెత్తుతుంది. హోసూరు రోడ్డు మీద లారీలు ఎలా వెళ్తాయో మీకు తెలుసు. అది మెలకువగా ఉండగానే, మీరంతా ఉండగానే అక్కడికి చేరాలి.

కుదిరితే 20లోపు రెండుసార్లు తీసుకెళ్లి కొన్ని గంటలు గడిపి రండి. 40 కిలోమీటర్లేగా. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి. మీరు కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా దాని పక్కలో వేయండి. మీ ఇంట్లో పెట్టే అన్నమే, అదే వేళకు, అదే గిన్నెలో. మీరు దాన్ని పిలిచే మాటలు, ‘కూర్చో’, ‘వద్దు’, మీ గొంతుతో కాకపోయినా అవే మాటలు వాళ్లూ వాడాలి. మెడపట్టీ మీద మీ ఆడపడుచు గారి ఫోన్ నంబరు ముందే రాయించండి. రెండు మూడు వారాలు గేటు బయట గొలుసు విప్పొద్దు. కొత్త ఇల్లు తమదని తెలిసేదాకా పారిపోయే కుక్కలే ఎక్కువ. రోజూ వీడియో కాల్ చేసి గొంతు వినిపించకండి. మొదటి రోజుల్లో ఫోన్లో మీ గొంతు వింటే అది ఇల్లంతా వెతుకుతుంది.

బాబు సంగతి. అది ఊరెళ్లింది, తిరిగొస్తుంది అని అబద్ధం చెప్పొద్దు. మాత్రల డబ్బా మీద తేదీలు వాడి చేతే రాయించండి. కొత్త ఇంట్లో మొదటి ముద్ద వాడే పెట్టాలి. ఆ రోజు మల్లి తింటుంటే వాణ్ణి పక్కన కూర్చోనివ్వండి. గిన్నె ఖాళీ అయ్యాక దాని వీపు నిమిరి ‘వెళ్లొస్తాం’ అని మామూలు గొంతుతో చెప్పి రండి. ఏడుపు కారులో ఏడవనివ్వండి, ఆపకండి.

రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో, ఆపరేషన్ అయిందో లేదో రాసి పంపండి. 20 నాటికి అవి బాగా తక్కువగానే ఉంటే మల్లిని వెంటనే ఇల్లు మార్చకండి. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచడమా, మీ ఆడపడుచు గారే బెంగళూరు వచ్చి చూసుకోవడమా అన్నది చూస్తున్న డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.