మెట్లెక్కిన గుడ్డకు లాభం రాసుకుంటే

ప్రశ్న: గవర్నరుపేటలో మాకు బట్టల షాపు ఉంది. కింద పీసు గుడ్డలు, పైన మేమే కుట్టించి అమ్మే రెడీమేడ్స్. కింది నుంచి పైకి గుడ్డ పంపితే బయట అమ్మే రేటే వేసుకుంటాం. మార్చి 31 లెక్కల్లో కింద 8.10 లక్షలు, పైన 1.50 లక్షలు, మొత్తం 9.60 లక్షల లాభం వచ్చింది. అద్దె, ప్రకటనల ఖర్చు రెండు సెక్షన్లకూ చెరి సగం వేశాం. ఇంటి ఖర్చుకు నెలకు 45 వేలు తీసుకుంటాను. లాభం ఉన్నా బ్యాంకులో డబ్బు కనపడడం లేదు. తెలిసినాయన నూటికి 2 రూపాయల వడ్డీకి 10 లక్షలు ఇస్తానంటున్నారు. పిల్లల బట్టల సెక్షన్ పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: వద్దండీ. పిల్లల బట్టలు అమ్ముడుపోవని కాదు. మీరు ఏ లాభాన్ని చూసుకుని అప్పుకు సిద్ధపడుతున్నారో అందులో కొంత ఇంకా రానే లేదు, వచ్చింది కూడా సరుకు రూపంలో ఇరుక్కుంది. సొంత సెక్షన్ల మధ్య సరుకు తిప్పుకునే షాపుల్లో ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను. అందుకే మీరు పంపిన లెక్కలను కొంచెం విప్పి చూపిస్తాను.

కింది సెక్షన్ బయట 90 లక్షలకు అమ్మింది, పైకి 30 లక్షల గుడ్డ పంపింది. రెండూ కలిపి 120 లక్షల మీద స్థూల లాభం 24 లక్షలు, అంటే 20 శాతం. ఇక్కడ 24 లక్షలను బయటి అమ్మకాలు 90తోనే భాగించేవాళ్లున్నారు, అప్పుడు రేటు 26 శాతం దాటిపోతుంది. పైకి పంపిన గుడ్డ మీద లాభం కూడా ఆ 24 లక్షల్లోనే ఉంది కాబట్టి బదిలీనీ కలిపే భాగించాలి.

ఇప్పుడు పైకి వెళ్దాం. ఏడాదిలో పై సెక్షన్ వాడింది కింది గుడ్డ 30 లక్షలు, లైనింగు, బొత్తాలు, కుట్టుకూలి 10 లక్షలు. అంటే తయారైన ప్రతి డ్రెస్సు ఖర్చులో మూడొంతులు గుడ్డే. మార్చి 31న పైన మిగిలిన స్టాకు 12 లక్షలు. అందులో గుడ్డ 9 లక్షలు, దాని మీద మీరు వేసుకున్న లాభం 20 శాతం చొప్పున 1.80 లక్షలు. ఆ గుడ్డను ఇంకా ఎవరూ కొనలేదు, మీ షాపు మెట్లెక్కిందంతే. ఏడాది మొదట్లో ఉన్న 4 లక్షల స్టాకులోనూ ఇలాంటిదే ఉంది: గుడ్డ 3 లక్షలు, నిరుటి రేటు 15 శాతం, లాభం 45 వేలు. పాత స్టాకుకు పాత రేటే వేయాలి, ఈ ఏటి 20 శాతం కాదు.

ఆ 45 వేలు నిరుటి లాభంలో ముందే రాసేసుకున్నారు. అసలు ఆ సరుకు ఈ ఏడే అమ్ముడైంది కాబట్టి అది ఈ ఏటిది. మీ అకౌంటెంటు ఇప్పటిదాకా స్టాకు రిజర్వు, అంటే అమ్ముడుకాని సరుకులో ఉన్న ఇలాంటి లాభాన్ని పక్కన పెట్టే మొత్తం, పెట్టలేదు గనుక ఆ మొత్తాన్ని పాత మూలధనంలోంచి సర్దమనండి. ఈ ఏడాది మీద పడేది 1.80లో 0.45 పోగా 1.35 లక్షలు. దీన్ని ఏ సెక్షన్ ఖాతాలోనూ తగ్గించకూడదు, షాపు మొత్తానికి వేసే సాధారణ లాభనష్టాల ఖాతాలో డెబిట్ చేయాలి. నిజమైన లాభం 8.25 లక్షలు.

చెరి సగం పంచడమూ తప్పే, కానీ అది వేరే రకం తప్పు. కింద 800 చదరపు అడుగులు, పైన 1,200. ఏడాది అద్దె 6 లక్షలను అడుగుల లెక్కన పంచితే కింద 2.40, పైన 3.60 పడుతుంది. రోడ్డు మీదకున్న కింది అంతస్తుకు అడుగు అద్దె ఎక్కువని మీరంటే ఒప్పుకుంటాను, అద్దె ఒప్పందంలో విడిగా రాసి ఉంటే ఆ ప్రకారమే పంచండి. ప్రకటనల ఖర్చు 1.20 లక్షలను బయటి అమ్మకాలు 90, 45 చొప్పున పంచితే కింద 80 వేలు, పైన 40 వేలు. బదిలీని ఇక్కడ మాత్రం కలపకూడదు, పైకి వెళ్లిన గుడ్డ కోసం మీరు ప్రకటన ఇవ్వలేదు కదా. అప్పు మీద వడ్డీని సెక్షన్లకు పంచే పనే లేదు, అదీ సాధారణ ఖాతాకే పోతుంది. ఎలా పంచినా మొత్తం లాభం పైసా మారదు. ఏ సెక్షన్ ఎంత మోస్తుందన్నది మారుతుందంతే. మొత్తాన్నే మార్చేది బదిలీ లాభం, మీరు దాన్ని వదిలేశారు.

ఇక బ్యాంకులో డబ్బెందుకు లేదంటే, పై స్టాకును అసలు ఖర్చుకు దించి చూడండి. మొదట్లో 3.55 లక్షలు, చివర్లో 10.20 లక్షలు. 6.65 లక్షలు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. 8.25లో అది పోతే మిగిలింది 1.60 లక్షలు. మీరు ఇంటికి తీసుకున్నది 5.40 లక్షలు. తేడా 3.80 లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో హోల్‌సేల్ వాళ్ల బాకీల ఖాతా తీసి చూసుకోండి, చాలావరకు అక్కడే ఉంటుంది. దాని మీద ఏడాదికి 2.40 లక్షల వడ్డీ అప్పు ఎక్కించుకుంటారా? పెళ్లిళ్ల సీజన్ ఒక్కటి చప్పగా పోతే వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేయాలి. తెలిసినాయన అయినంత మాత్రాన నూటికి 2 రూపాయలు తక్కువ వడ్డీ అయిపోదు.

మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. అద్దె 50 వేలు, జీతాలు 1.10 లక్షలు, ఇల్లు 45 వేలు, నెలకు 2 లక్షల పైమాటే. కనీసం మూడు నెలలకు సరిపడా 6 లక్షలు షాపు ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో పడాలి. షాపు ఖాతాలో ఉంటే ఆ వారంలోనే ఏదో లోడు దిగుతుంది.

ఆ డబ్బు మీ పై అంతస్తులోనే ఉంది. పుస్తకంలో 800 రూపాయలు పడిన డ్రెస్సు తీసుకోండి. అందులో గుడ్డ 600, మిగతావి 200. గుడ్డకు మీకు అసలు పడింది 480, కాబట్టి డ్రెస్సు ఖర్చు 680. ఆషాఢం సేల్‌లో దాన్ని 750కి ఇవ్వమంటే పై సెక్షన్ కుర్రాడు 50 నష్టమని ససేమిరా అంటాడు. అతని పుస్తకం ప్రకారం అతను చెప్పింది నిజమే. షాపుకు మాత్రం 70 మిగులుతుంది, పైగా ఇరుక్కున్న డబ్బు బయటకొస్తుంది. ఆరు నెలలు దాటిన ప్రతి డ్రెస్సు చీటీ మీద రెండు ఖర్చులూ రాయించండి, తగ్గింపు హద్దును రెండో అంకె నుంచి పెట్టండి.

సరుకు బీమాలో పై స్టాకును 12 లక్షలని కాక అసలు ఖర్చు మీద చూపించండి. నష్టం జరిగితే మీ బదిలీ రేటు ప్రకారం ఎవరూ ఇవ్వరు. వరద నష్టం అందులో ఉందో లేదో కూడా అడగండి, 2024 సెప్టెంబరులో బుడమేరు ఏం చేసిందో మనూళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ 2 రూపాయల వడ్డీ కంటే నయమే, కానీ అక్కడిచ్చే స్టాకు వివరాల్లోనూ ఈ 1.80 లక్షలు తీసేసే రాయాలి. పిల్లల బట్టల సంగతి 6 లక్షలూ పోగయ్యాక, వచ్చే మార్చి లెక్కల్లో రిజర్వు తీసేసిన లాభం చూసుకుని మాట్లాడదాం.