గోడతో మొదలుపెట్టకు

తమ్ముడూ,

పాతబస్తీ మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. హైదరాబాద్ చుట్టూ గోడ కట్టారు, దాని లోపల వీధులు పుట్టాయి అని మొదలుపెట్టావు. పటం ముందు పెట్టుకుని ఆ వాక్యాన్ని మళ్లీ చూసుకో. చార్మినార్ 1591 నాటిది. గోడ పని 1720లలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ కాలంలో మొదలై మొదటి నిజాం ఏలుబడిలో పూర్తయింది. అంటే వీధులకు నూట పాతికేళ్లు దాటాక గోడ వచ్చింది. వీధుల వయసు అడగాల్సింది గోడను కాదు, పురానాపూల్‌ను. ఆ వంతెన 1578లోనే ఉంది, ఊరి కంటే పాతది.

చార్మినార్ దగ్గర నాలుగు దారులు కలుస్తాయి కదా. పడమటి దారి పట్టుకో. లాడ్ బజార్ మీదుగా హుస్సేనీ ఆలం దాకా వచ్చి, అక్కణ్ణుంచి వాయవ్యంగా ఒరిగి పురానాపూల్ చేరుతుంది. గీత గీసినట్టు పోవాల్సిన దారి అలా ఒరగడానికి కారణం గోల్కొండ. మూసీ దాటి కోటకు పోయే వంతెన అక్కడుంది కాబట్టి దారి అటు మొగ్గింది. తర్వాత వచ్చిన గోడ ఆ దారిని అడ్డుకోలేక అక్కడే ఒక దర్వాజా పెట్టుకుంది. దర్వాజా వల్ల దారి పుట్టిందా, దారి వల్ల దర్వాజా పుట్టిందా అన్న అనుమానం వస్తే, గోడకు రెండు వైపులా ఆ దారి ఎంత దూరం ఒకే వాలులో పోతుందో చూడు. ఊరి నడిబొడ్డు నుంచి నది అవతల దాకా ఒకే వాలులో పోతుంటే, చాలావరకు దారే పాతది.

ఉత్తరపు దారి కథ వేరు. ఇవాళ గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ ఎక్కుతాం కాబట్టి మొదటి నుంచీ అదే రాజమార్గం అనిపిస్తుంది. కానీ ఆ కొసన వంతెన వచ్చింది ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాటాక. అఫ్జల్ దర్వాజా, అవతల అఫ్జల్‌గంజ్ ఆ పేరుతో వచ్చినవే. నది ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ అప్పటికే ఊరు పెరుగుతోంది. బేరసారాలు పడమర నుంచి ఇటు తిరిగాయి. 1908 వరద తర్వాత పత్తర్‌గట్టిని వెడల్పు చేసి రాతి కమాన్ల వరస కట్టారు. కాబట్టి ఆ వీధికి రెండు పక్కలా ఒకే తీరుగా కనిపించే దుకాణాల కొలతలు చూసి కుతుబ్‌షాహీల ప్రణాళిక అని రాసేయకు.

ఇప్పుడు స్థలాల సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. లియొనార్డ్ మన్ 1912-15లో చేయించిన మునిసిపల్ సర్వే షీట్లు దొరికితే సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవ్డీ ఉన్న షీటు తియ్యి. ఇల్లు కట్టినా కూల్చినా హద్దు గోడ మాత్రం అంత తేలిగ్గా కదలదు, ఎందుకంటే అవతలి పక్క ఇంకొకడి ఆస్తి. దేవ్డీ అంటే ఒక ఇల్లు కాదు. ఒక పెద్ద ప్రహరీలో వరసగా ముంగిళ్లు, మగవాళ్ల మర్దానా, ఆడవాళ్ల జనానా, నౌకర్ల కొట్లు. మూడో సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా పోయారు. 1951లో మ్యూజియం అక్కడే తెరిచారు, 1968లో కొత్త భవనానికి మార్చారు. తర్వాత ఆ భవనాలు పోయి బట్టల దుకాణాలు నిండాయి. ఇప్పటి పటాన్ని పాత షీటు మీద పరిచి చూడు: లోపల చిన్న చిన్న కొట్లు, సందులు, చుట్టూ మాత్రం పాత హద్దు చాలాచోట్ల అలాగే చదువుకోవచ్చు. దేవ్డీ కమాన్ నిలిచే ఉంది.

ఈ ఒక్కటి పట్టుబడితే పాతబస్తీలో మూసుకుపోయే గల్లీలు సగం అర్థమవుతాయి. బజారు నుంచి ఒకే మూతితో లోపలికి పోయి ఆగిపోయే సందును చూసి ప్రణాళిక లేని ఊరు అంటారు. దాని చుట్టూ ఉన్న ఇళ్ల వెనక గోడలను పెన్సిల్‌తో కలుపు. అవి ఒక పెద్ద చతురస్రంగా మూసుకుంటే అది ఒకప్పటి ఒకే ప్రహరీ కావచ్చు. వాటాలు పంచుకున్నప్పుడు లోపలివాళ్లకు నడవడానికి వదిలిన జాగా ఆ గల్లీ. వెనక గోడలు కలవకుండా మెట్లు మెట్లుగా విరిగితే, అది ముక్కముక్కగా పెరిగిన బస్తీ. అయితే పటం ఇక్కడ అనుమానమే ఇస్తుంది, రుజువు ఇవ్వదు. దస్తావేజు చూడకుండా “పంపకాలు జరిగాయి” అని రాయకు.

ఖాళీ జాగా పూడిపోవడం ఇంకో రకం. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న నాలుగు కమాన్లు, చార్ కమాన్, వాటి మధ్యన ఒకప్పుడు రాజభవనం ముందరి విశాలమైన మైదానం, జిలూఖానా. ఇప్పుడు దారిని ఆనుకుని లోతు తక్కువ దుకాణాలు. పక్క బజార్లలోని లోతైన స్థలాలతో పోల్చి చూస్తే, తర్వాత వచ్చి కూర్చున్నవేవో పసిగట్టవచ్చు.

పోయిన గోడను వెతకడానికి పేర్ల మీద మాత్రం ఆధారపడకు. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు నిలిచి ఉన్నాయి. లాల్ దర్వాజా లాంటివి ఇప్పుడు బస్తీ పేర్లు. పేరు కట్టడాన్ని దాటి నాలుగు వీధులు పాకుతుంది. ముందు షీటు మీద దర్వాజా గుర్తు పెట్టి, దాని నుంచి రెండు వైపులా విరగకుండా సాగే వెనక హద్దుల గీతను వెతుకు. ఆ పటం మీద నువ్వు గీసిన గీతతోనే రెండో చిత్తుప్రతి పంపు.

మీ అన్నయ్య