25 ఏళ్లు నిండక ముందే వారసుడు చనిపోతే వీలునామా సొమ్ము ఎవరికి?

"మా మామగారి వీలునామాలో 'నా మనవడికి 25 ఏళ్లు నిండినప్పుడు బ్యాంకులోని 10 లక్షలు ఇవ్వాలి' అని ఉంది. మా అబ్బాయి 22 ఏళ్లకే పోయాడు, పెళ్లి కాలేదు. ఆ డబ్బు మాకు రాదా?"

చిక్కంతా "నిండినప్పుడు" అన్న మాటలోనే ఉందమ్మా.

1. భారత వారసత్వ చట్టం, 1925, సెక్షన్ 119: "10 లక్షలు ఇస్తున్నాను, 25 ఏళ్లకు చెల్లించాలి" అని ఉంటే, తాతగారు పోయిన రోజే హక్కు అబ్బాయిది (వెస్టెడ్). వాయిదా పడింది చెల్లింపు మాత్రమే.

2. సెక్షన్ 120: "25 నిండితే" లేదా "నిండినప్పుడు ఇవ్వాలి" అని మాత్రమే ఉంటే వయసే షరతు (కంటింజెంట్). ముందే పోతే హక్కు పుట్టదు. సొమ్ము వీలునామాలో మిగతా ఆస్తి రాసినవారికి, అలా ఎవరికీ రాయకపోతే తాతగారి వారసులకు వెళ్తుంది.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దయచేసి తర్వాతి వాక్యాలూ చదవండి. "ఈలోగా వడ్డీ వాడి చదువుకు వాడాలి" లాంటి మాట ఉందా? ఆ నిధి వడ్డీని అబ్బాయికే ఇచ్చినా, అవసరమైనంత అతని కోసం ఖర్చు చేయమన్నా, సెక్షన్ 120 ప్రకారమే అది కంటింజెంట్ కాదు. 10 లక్షలు అబ్బాయి ఆస్తే. హిందువులైతే, పెళ్లికాని కొడుక్కి తల్లిగా మీరు మొదటి తరగతి వారసులు.

వడ్డీని అసలులో కలుపుతూ పోవాలని మాత్రమే రాస్తే ఈ మినహాయింపు దొరకదు.

4. "ముందే పోతే ఫలానావారికి" అని విడిగా రాసి ఉంటే, హక్కు వెస్టెడ్ అయినా సొమ్ము వాళ్లకే పోతుంది.

వడ్డీ గురించిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.