యాప్ పోయింది, మాండేట్ పోలేదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇంట్లో బట్టలు కుడతాను. బాబు ఆన్‌లైన్ పాఠాలకు యూపీఐ ఆటోపేలో నెలకు 1,499 పోయేది. ఫిబ్రవరిలో రద్దు చేశాను. రద్దయిందని మెయిల్ వచ్చింది, పాఠాల యాప్ కూడా తీసేశాను. అయినా మార్చి నుంచి జూన్ దాకా నాలుగుసార్లు డబ్బు పోయింది. ఖాతా ఖాళీగా ఉంచమని మరిది చెప్తే అలాగే చేశాను. ఆరోగ్య బీమా ప్రీమియం బౌన్స్ అయింది. అది కట్టడానికి లోన్ యాప్‌లో 5,000 తీసుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీరు చందా రద్దు చేసింది కంపెనీ దగ్గర. డబ్బు తీసుకోమని అనుమతి ఇచ్చింది మాత్రం మీ బ్యాంకుకి. ఆ అనుమతే మాండేట్. ఫోన్లోంచి యాప్ తీసేసినా అది బ్యాంకులో అలాగే ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

మొదట ఏ యూపీఐ యాప్‌లో అనుమతి ఇచ్చారో అదే తెరవండి. ఆటోపే విభాగంలో ఆ కంపెనీ పేరు నొక్కి రద్దు ఎంచుకుని, పిన్ కొట్టండి. 'పాజ్' నొక్కితే సరిపోదు, గడువు తీరగానే డబ్బు మళ్లీ పోతుంది. పక్కనే ఉండే బీమా మాండేట్‌ని పొరపాటున తీసేయకండి. రద్దయినట్టు చూపించే తెరను ఫొటో తీసి దాచుకోండి. డబ్బు తీసే ముందు మెసేజ్ వస్తుంది కదా, ఇకమీదట అది చదవకుండా వదలొద్దు. కార్డు మీద ఇచ్చిన మాండేట్ అయితే కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్‌లో, పాస్‌బుక్‌లో NACH అని పడితే బ్రాంచిలో రాసిచ్చి ఆపించుకోవాలి.

మాండేట్ ఆపినంత మాత్రాన పోయిన డబ్బు తిరిగి రాదు. నాలుగు నెలలకు 5,996 రూపాయలు. ఫిబ్రవరి నాటి మెయిల్ జతచేసి కంపెనీకి రాయండి. పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మాండేట్ ఆపమని బ్యాంకుకి రాసిచ్చినా 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

ఖాతా ఖాళీ చేయడం మాత్రం చెడ్డ సలహా. చందా ఆ నెలకు ఆగిందేమో గానీ మాండేట్ బతికే ఉంది. నష్టపోయింది బీమా. పైగా బ్యాంకు బౌన్స్ రుసుము వేయవచ్చు. పాలసీ ఆగలేదని బీమా కంపెనీ దగ్గర వెంటనే ఖాయం చేసుకోండి. ఇక ప్రీమియం కోసం లోన్ యాప్ గడప తొక్కడమా! ఈ నెల కుట్టుకూలి రాగానే ముందు ఆ అప్పు తీర్చేయండి. వాయిదా పొడిగిస్తామంటే ఒప్పుకోకండి.

అసలు రాకపోకలన్నీ ఒకే ఖాతాలో ఉండటం వల్లే ఇంత దూరం వచ్చింది. మరో బ్యాంకులో ఖాతా తెరవండి. దానికి యూపీఐ వద్దు, ఏ మాండేటూ వద్దు. ఇంటి ఖర్చు నెలకు 15,000 అనుకుంటే ఆరు నెలలకు 90,000 అందులో ఉండాలి. గోదావరికి వరదొచ్చి నెల రోజులు కుట్టుపని రాకపోయినా ఇల్లు గడవాలి కదా. నెలకు 2,000 వేసినా నాలుగేళ్లలోపే చేరుతుంది. కంపెనీ నుంచి ఆ 5,996 వెనక్కొస్తే తొలి జమ అదే కావాలి.