ఫారంలో మీరు అవివాహితులా, వివాహితులా?

ప్రశ్న: "నేను హిందువుని, తను క్రిస్టియన్. మూడు నెలల క్రితం గుడిలో తాళి కట్టాను. ఇప్పుడు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయించాలంటే సాక్షులుగా స్నేహితులు సరిపోతారా, తల్లిదండ్రులే రావాలా? ఏయే కాగితాలు కావాలి?"

స్నేహితులు సరిపోతారు. ముగ్గురు కావాలి, మేజర్లయి ఉండాలి, గుర్తింపు కార్డు ఒరిజినల్ తెచ్చుకోవాలి. తల్లిదండ్రులే రావాలని చట్టంలో ఎక్కడా లేదు. అందరూ సాక్షుల గురించే టెన్షన్ పడతారు గానీ, ఫైలు ఆగిపోయేది సాక్షుల దగ్గర కాదు. మీ ప్రశ్నలో "గుడిలో తాళి కట్టాను" అన్న మాట ఉంది చూశారూ, ఆగేది అక్కడ.

మా తమ్ముడిది అచ్చం మీ కథే. అమ్మాయి క్రిస్టియన్, ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. గుడిలో పెళ్ళయిన కొన్నాళ్ళకు రిజిస్ట్రేషన్ అనుకున్నారు. మా ఇంట్లో ఆ పెళ్ళికి ఒప్పుకున్నదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే కాబట్టి ఆఫీసుకి తోడు నేనే వెళ్ళాను. బయట చెట్టు కింద కూర్చున్న డాక్యుమెంట్ రైటర్ ఫారం నింపి ఇచ్చాడు. ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు. ఆధార్ కార్డులు తీసుకున్నాడు, టకటకా టైపు చేశాడు, సంతకాలు పెట్టించుకున్నాడు, డబ్బులు తీసుకున్నాడు. అంతే.

లోపల గుమాస్తా ఆ కాగితం చూసి, ఒకసారి అమ్మాయి వైపు చూసి, "ఏమ్మా, మెళ్ళో పసుపుతాడు కనబడుతోంది, ఇక్కడేమో అవివాహిత అని ఉంది. ఏది నిజం?" అన్నాడు. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. మా తమ్ముడు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను బయటికొచ్చి డాక్యుమెంట్ రైటర్‌ని నిలదీస్తే ఆయన చెప్పిన పరిష్కారం వినండి: "ఏముంది మేడమ్, కాసేపు తాడు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోమనండి, అందరూ అలాగే చేస్తారు." నాకు ఒళ్ళు మండిపోయింది. తాళి తీయమన్నందుకు కాదు. దాని వెనకాల ఉన్న అసలు తేడా అన్నేళ్ళుగా అక్కడే కూర్చున్న ఆయనకు పట్టనందుకు.

ఆ తేడా ఏమిటంటే, 1954 నాటి ఈ చట్టంలో రెండు దారులున్నాయి. మొదటిది, ఇంకా పెళ్ళి కానివాళ్ళు అధికారి ఎదుట పెళ్ళి చేసుకోవడం. దీనికి ముందు నోటీసు ఇస్తారు. ఆ నోటీసులో పేరు, వృత్తి, వయసు, చిరునామా, అక్కడ ఎన్నాళ్ళుగా ఉంటున్నారు అనే గడులతో పాటు అవివాహితులా, విడాకులు తీసుకున్నవారా, జీవిత భాగస్వామి చనిపోయినవారా అనే గడి ఒకటి ఉంటుంది. రెండో దారి 15వ సెక్షన్. వేరే పద్ధతిలో ఇదివరకే పెళ్ళి క్రతువు జరిగి, అప్పటినుంచి భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవాళ్ళు ఆ పెళ్ళిని ఈ చట్టం కింద నమోదు చేయించుకోవడం. మా డాక్యుమెంట్ రైటర్ చేతిలో ఎప్పుడూ మొదటి ఫారమే ఉంటుంది, ఎవరొచ్చినా అదే నింపుతాడు.

ఏదైతేనేం, సర్టిఫికెట్ వస్తే చాలు కదా అనుకోకండి. మొదటి దారిలో వెళ్తే మీ పెళ్ళి తేదీ ఆఫీసులో ప్రమాణం చేసి సంతకాలు పెట్టిన తేదీ అవుతుంది. గుడిలో జరిగింది ఆ కాగితంలో కనబడదు. మా తమ్ముడు గుడి పెళ్ళయిన వారంలోనే కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆ అమ్మాయిని భార్యగా, గుడి తేదీని పెళ్ళి తేదీగా నమోదు చేయించేశాడు. ఇప్పుడు నోటీసులో అవివాహితుడని రాసి సంతకం పెడితే, రెండు చోట్ల రెండు మాటలు చెప్పినవాడవుతాడు. రేపు వీసాకో, పాస్‌పోర్టులో భార్య పేరు చేర్చడానికో వెళ్ళినప్పుడు ఈ రెండు తేదీలకు సమాధానం చెప్పుకోవాలి. పైగా మొదటి దారిలో పెళ్ళికి ముందు ఇద్దరూ ఇచ్చే డిక్లరేషన్‌లో, ఇందులో అబద్ధం ఉంటే జైలుశిక్ష, జరిమానా ఉంటాయని తమకు తెలుసని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం చేయాలి.

మతాలు వేరైనవాళ్ళకు గుడిలో జరిగిన పెళ్ళి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు కాబట్టి చట్టం దృష్టిలో మీరు అవివాహితులే అని వాదించే లాయర్లు ఉన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ అది కోర్టులో వాదించుకోవడానికి పనికొస్తుంది, కౌంటర్ దగ్గర కాదు. మా అధికారి మాత్రం ఒక్కటే అడిగారు: "పెళ్ళయిందంటారా, చేసుకోబోతున్నాం అంటారా? ఏదో ఒకటి చెప్పండి, అన్ని కాగితాల్లోనూ అదే ఉండాలి." నాకు ఆ మాట నచ్చింది. మా వాళ్ళు 15వ సెక్షన్ ఎంచుకున్నారు.

అది ఎంచుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. మొదటి దారిలో అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే చాలు. 15వ సెక్షన్‌లో నమోదు నాటికి ఇద్దరికీ 21 నిండాలి. అలాగే మొదటి దారిలో ఇద్దరిలో ఒక్కరు ఆ జిల్లాలో నోటీసుకు ముందు 30 రోజులు ఉంటే సరిపోతుంది. ఇక్కడ ఇద్దరూ ఉండాలి. మీ భార్య ఊళ్ళో పుట్టింట్లో ఉండి, మీరొక్కరే నగరంలో ఉంటే ఆ ముక్క దగ్గరే ఆపేస్తారు. రెంటల్ అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ పెట్టించుకోవడం మంచిది.

కాగితాల సంగతి అడిగారు కదా. వయసుకి పదో తరగతి మెమో, చిరునామాకి ఆధార్, నివాసానికి రెంటల్ అగ్రిమెంట్, ఫొటోలు, పెళ్ళి జరిగిందనడానికి శుభలేఖ గానీ పెళ్ళి ఫొటోలు గానీ. ఇంతకుముందు పెళ్ళయి ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువీకరణ పత్రం. అఫిడవిట్ అడగవచ్చు. పక్కనే ఉన్న జిరాక్స్ షాపువాడు ఇంకో పది రకాలు కావాలని భయపెడతాడు, వాడి వ్యాపారం అది. ఆఫీసులో గోడ మీదున్న జాబితా చదువుకుని వెళ్ళండి.

దరఖాస్తు ఇచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజుల గడువు ఏ దారిలోనైనా తప్పదు. ఇది విని "మరి ఆర్య సమాజ్‌లో ఒక్కరోజులో అయిపోతుంది కదా" అని సలహా ఇచ్చే చుట్టాలు బయలుదేరతారు. మా మామయ్య అదే పాట పాడాడు. ఒకరు మతం మారితే తప్ప అక్కడ కుదరదన్న ముక్క ఆయన చెప్పడు. ఎవరి మతంలో వాళ్ళుండి పెళ్ళాడటానికే కదా ఈ చట్టం తెచ్చింది! నెల రోజులు ఆగలేక మతం మార్చుకోవడమేమిటో నాకు అర్థం కాదు. మీరు ఇంట్లో చెప్పకుండా మొదటి దారిలో వెళ్దామనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ ఆ జిల్లా అధికారికి పంపి అక్కడి ఆఫీసులో కూడా అంటిస్తారు. ఊళ్ళో తెలిసిపోయేది అలాగే. తెలిసినా, కులం వేరనో మతం వేరనో పెద్దలకు ఇష్టం లేదనో పెట్టే అభ్యంతరం చెల్లదు. వయసు, మతిస్థిమితం, బతికున్న మరో భార్య లేదా భర్త, దగ్గరి రక్తసంబంధం, ఇలాంటి షరతుల మీదే అడ్డు చెప్పగలరు. ఇంకొకటి, నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోగా పెళ్ళి జరగకపోతే ఆ నోటీసు పోయినట్టే, మళ్ళీ మొదలు.

రక్తసంబంధం అంటే గుర్తొచ్చింది. మా వెనకాల వరసలో ఒకాయన మేనమామ కూతుర్ని చేసుకుంటూ ఇదే ఫారం పట్టుకుని నిలబడ్డాడు, ఎవరో ఇది గొప్ప సర్టిఫికెట్ అన్నారట. ఈ చట్టంలోని నిషిద్ధ బంధుత్వాల జాబితాలో మేనమామ కూతురూ మేనత్త కూతురూ ఉన్నారు. ప్రభుత్వం గెజిట్‌లో గుర్తించిన ఆచారం ఉంటే తప్ప మినహాయింపు లేదు. ఇద్దరూ హిందువులైన మేనరికం వాళ్ళు ఆచారాన్ని ఒప్పుకునే హిందూ వివాహ చట్టం కింద వెళ్ళాలి. పాపం ఆయన మీద కూడా అదే డాక్యుమెంట్ రైటర్ సంపాదించి ఉంటాడు.

సరే, మీరడిగిన సాక్షుల దగ్గరికి వస్తాను. ముగ్గురు ఎవరైనా పర్వాలేదు గానీ, ఒకరైనా కాగితం చదివే మనిషి అయి ఉండాలి. మా ముగ్గురిలో ఒకరు మా బాబాయి, రిటైర్డ్ తెలుగు మాస్టారు. సంతకాల రోజు మేమంతా ఎప్పుడు బయటపడదామా అన్నట్టుంటే, ఆయన కళ్ళజోడు సర్దుకుని సర్టిఫికెట్ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. గుమాస్తా విసుక్కుంటున్నా ఆగలేదు. "ఒరే, అమ్మాయి పేరు ముందు మన ఇంటిపేరు వేశారేమిట్రా?" అన్నాడు. చూస్తే నిజమే. ఆపరేటర్ అలవాటుకొద్దీ భర్త ఇంటిపేరు తగిలించేశాడు. ఆమె పాస్‌పోర్టులో, మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఇంకా సంతకాలు కాలేదు కాబట్టి వెంటనే మార్చి మళ్ళీ ప్రింటు తీశారు.

సంతకాలయ్యాక దొరికి ఉంటే అంత తేలిక కాదు. 49వ సెక్షన్ ప్రకారం అధికారి తప్పు గమనించిన నెలలోగా, దంపతుల సమక్షంలో, వాళ్ళు అందుబాటులో లేకపోతే నమ్మదగిన మరో ఇద్దరు సాక్షుల సమక్షంలో, అసలు రాతను చెరపకుండా పక్కన మార్జిన్‌లో దిద్దుబాటు రాసి తేదీతో సంతకం చేయాలి. అదే దిద్దుబాటు సర్టిఫికెట్‌లోనూ చేయాలి. ఎంత తిరుగుడో ఊహించుకోండి. కాబట్టి అమ్మాయి పేరు పెళ్ళికి ముందు ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా వదిలేయకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా రాయించండి. మీ ఆధార్‌కీ పదో తరగతి మెమోకీ పేరులోనో పుట్టిన తేదీలోనో తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకుని, అప్పుడు దరఖాస్తు పెట్టండి.