స్టడీ లీవు పొడిగింపు ఉత్తరం గురించి మాస్టారి లేఖ

పెద వాల్తేరు, విశాఖపట్నం
6 ఏప్రిల్ 2026

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పీహెచ్‌డీ కోసం తీసుకున్న స్టడీ లీవు పొడిగించమని మీ డిపార్ట్‌మెంటు హెడ్ గారికి రాసి, నువ్వు నాకు పంపిన మూడు పేజీలూ నిదానంగా చదివాను. సెలవు ఇంకో ఏడాది కావాలన్న మాట మూడో పేజీ మధ్యకు వస్తే గానీ కనబడలేదు. అంతవరకూ అన్నీ క్షమాపణలే. నీ పని పూర్తి కావాలని నాకూ ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఈ ఉత్తరం ఇలాగే వెళ్తే మీ హెడ్ గారు నిన్ను చూసి బాధపడతారు గానీ, ఫైలు మాత్రం కదపలేరు.

ఎందుకంటే ఆయన సెలవు మంజూరు చేసేవారు కాదు, సిఫారసు చేసేవారు. నీ కాగితం మీద ఆయన నాలుగు వాక్యాల నోటు రాసి రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపాలి. అక్కడ సెక్షన్‌లో నిన్ను ఎరిగినవాళ్లు ఉండరు. వాళ్లు అడిగేవి కొన్నే: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ నిబంధన కింద, ఇచ్చిన రెండేళ్లలో పని ఎందుకు పూర్తికాలేదు, మిగిలినది ఈసారి పూర్తవుతుందని నమ్మకమేమిటి, అంతవరకూ క్లాసులు ఎవరు తీసుకుంటారు. నేను హెడ్‌గా ఉన్నప్పుడు ఏ దరఖాస్తు వచ్చినా ముందు ఇవే వెతుక్కునేవాణ్ణి. ఇవి కాగితంలోనే ఉంటే నోటు ఆ పూటే వెళ్లేది. లేకపోతే ఆ మనిషిని పిలిపించి అడగాలి, మళ్లీ రాయించాలి, ఈలోగా సెలవు గడువు దగ్గరపడేది. కాబట్టి హెడ్ గారు నీ ఉత్తరంలోంచి వాక్యాలు ఎత్తి తన నోటులో పెట్టుకోగలిగేలా రాయి. రాసేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏది ఉంచాలో ఏది తీసేయాలో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు నీ వాక్యాల దగ్గరికి వద్దాం.

"మిమ్మల్ని మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు సిగ్గుగా ఉంది" అని మొదలుపెట్టావు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం స్టడీ లీవు మూడేళ్లు. మొదట రెండేళ్లు ఇచ్చి, పని సంతృప్తికరంగా సాగుతోందని గైడ్ చెబితే మరో ఏడాది పొడిగించవచ్చు. నువ్వు అడుగుతున్నది ఆ మూడో ఏడాదే. నిబంధనలోనే చోటున్న దాన్ని అడగడానికి సిగ్గుపడితే, చదివేవాళ్లకు ఇదేదో రూలుకు బయటి కోరికేమో అన్న అనుమానం వస్తుంది. మీ యూనివర్సిటీ ఆ నిబంధనను ఏ క్లాజు కింద పెట్టుకుందో నీ పాత మంజూరు ఉత్తర్వులో ఉంటుంది. ఆ నంబరే వెయ్యి, యూజీసీ నంబరు వద్దు.

"ఇందులో నా అలసత్వం కూడా కొంత ఉంది" అన్న వాక్యాన్ని ఇవాళే కొట్టేయి. అది నిజం కాదు, వినయం కోసం రాశావని నాకు తెలుసు. సెక్షన్‌లో ఫైలు చూసేవాళ్లకు అది తెలియదు. 'దరఖాస్తుదారు స్వయంగా ఒప్పుకున్నారు' అని నోటులో రాసుకుంటారు. ఆ కాగితం నీ సర్వీసు ఉన్నంతకాలం ఫైలులో ఉంటుంది.

అమ్మగారి తుంటి ఎముక విరగడం, ఆపరేషన్, ఇంట్లో మరొకరు లేకపోవడం, ఒకటిన్నర పేజీ రాశావు. అదంతా చదివి నా మనసు కలుక్కుమంది. కానీ అందులో సెలవుకు సంబంధించిన ముక్క ఒక్కటే: 2025 ఆగస్టు నుంచి నవంబరు దాకా నువ్వు నీటి నమూనాలు సేకరించలేకపోయావు. దాన్ని దాచమని అనడం లేదు. దాస్తే "రెండేళ్లు ఏం చేసింది?" అన్న ప్రశ్నకు జవాబుండదు. ఒక్క వాక్యంలో, తేదీలతో చెప్పి, ఆసుపత్రి కాగితం జతచేస్తే చాలు.

ఆ నాలుగు నెలలు పోతే థీసిస్‌కు ఏం లోటు అన్నది మాత్రం నువ్వు ఎక్కడా రాయలేదు. అసలు వాదన అక్కడే ఉంది తల్లీ. వాన నీళ్లతో చుట్టూ పొలాల్లోని ఎరువు కొండకర్ల ఆవ చెరువులోకి ఎంత దిగుతోందన్నది నీ ప్రశ్న. దానికి జవాబు వానాకాలం నమూనాల్లోనే దొరుకుతుంది. ఒక్క ఏడాది లెక్క చూపిస్తే, ఆ ఏడాది వానలు ఎక్కువ పడ్డాయో, ఏటా ఇంతేనో ఎవరూ చెప్పలేరు. అందుకే మీ డాక్టోరల్ కమిటీ రెండు వానాకాలాలు అడిగింది. జనవరిలోనో మార్చిలోనో ఎన్ని సీసాలు నింపినా ఆ లోటు తీరదు, మళ్లీ ఆగస్టు రావాల్సిందే. ఈ సంగతి తెలియని గుమస్తాకైనా అర్థమయ్యేలా రెండు వాక్యాల్లో చెప్పొచ్చు.

"ఇంకొంత కాలం, వీలైతే ఒక సంవత్సరం" అన్నావు. 'వీలైతే' అంటే వాళ్లు ఆరు నెలలకు కుదిస్తారు. పని లెక్క వేసి చూశాను. ఆగస్టు నుంచి నవంబరు వరకు నమూనాలు, జనవరి చివరికల్లా ల్యాబు పరీక్షలూ గణాంకాలూ, ఏప్రిల్ వరకు చివరి రెండు అధ్యాయాలు, మేలో ప్రీ సబ్మిషన్ సెమినార్, జూన్‌లో దిద్దుబాట్లు చేసి సమర్పణ. ఈ జూలై 1 నుంచి లెక్కేస్తే సరిగ్గా ఏడాది. పైగా వచ్చే ఏడు జూలై 1న చేరితే కొత్త విద్యా సంవత్సరం మొదట్లోనే హెడ్ గారు నీకు పూర్తి టైమ్‌టేబుల్ ఇవ్వగలరు. సెమిస్టర్ మధ్యలో చేరే మనిషి వల్ల డిపార్ట్‌మెంటుకు పెద్ద ఉపయోగం ఉండదు, ఆ క్లాసులు అప్పటికే గెస్ట్ ఫ్యాకల్టీ చేతిలో ఉంటాయి.

ఇంకొకటి. "ఆదివారాలు వచ్చి స్పెషల్ క్లాసులు తీసుకుంటాను" అని మాటిచ్చావు. నీ మంచితనం అది, కానీ నీకే అడ్డం తిరుగుతుంది. క్లాసులు చెప్పగలిగితే డ్యూటీలోనే ఉండి పరిశోధన చేసుకోవచ్చు కదా అంటారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి పదహారు గంటల బోధన. ఆ పదహారు గంటలకు ఏర్పాటేమిటో చెప్పు. నువ్వు ఇవ్వగలిగింది పాఠ్య ప్రణాళిక, ప్రాక్టికల్ మాన్యువల్. గెస్ట్‌గా వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది ప్రాక్టికల్స్ దగ్గరే, కాబట్టి ఆ మాన్యువల్ నిజంగా అక్కరకొస్తుంది.

ఇవన్నీ పెట్టి ఉత్తరం తిరగరాశాను. ఆఫీసుకు ఇంగ్లీషులో పెట్టాలంటే విషయం కుదిరాక మార్చుకోవడం నీకు పెద్ద పని కాదు.

"విషయం: స్టడీ లీవు 1-7-2026 నుంచి 30-6-2027 వరకు పొడిగింపు కోసం అభ్యర్థన.

గౌరవనీయులైన శాఖాధిపతి గారికి,

పీహెచ్‌డీ పరిశోధన కోసం నాకు 1-7-2024 నుంచి 30-6-2026 వరకు స్టడీ లీవు మంజూరైంది (ఉత్తర్వు జతచేశాను). ఆ ఉత్తర్వులో పేర్కొన్న నిబంధన ప్రకారం దాన్ని మరో ఏడాది పొడిగించడానికి సిఫారసు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇప్పటికి మొదటి వానాకాలం నమూనాల విశ్లేషణ, మూడు అధ్యాయాల రచన పూర్తయ్యాయి. ఒక పరిశోధన వ్యాసం ప్రచురితమైంది. గడువైన మూడు అర్ధసంవత్సర నివేదికలూ సమర్పించాను.

వానాకాలంలో చెరువులోకి చేరే పోషకాల పరిమాణం నా పరిశోధనాంశం. ఒక ఏడాది ఫలితాలతో వర్షపాతంలోని తేడాల ప్రభావాన్ని వేరుచేయడం సాధ్యం కాదు కాబట్టి, రెండు వానాకాలాల నమూనాలు ఉండాలని డాక్టోరల్ కమిటీ నిర్దేశించింది. 2025 ఆగస్టు నుంచి నవంబరు వరకు మా అమ్మగారి శస్త్రచికిత్స, సంరక్షణ కారణంగా రెండో విడత సేకరణ జరగలేదు. ఆ నమూనాలు తిరిగి 2026 ఆగస్టు-నవంబరు నెలల్లోనే సేకరించగలను.

2027 జనవరి చివరికి విశ్లేషణ, ఏప్రిల్ చివరికి మిగిలిన రెండు అధ్యాయాలు, మేలో ప్రీ సబ్మిషన్ సెమినార్, జూన్‌లో సిద్ధాంత గ్రంథ సమర్పణ పూర్తిచేస్తాను. ఈ ప్రణాళికను నా గైడ్ ఆమోదించారు.

నా వారపు పదహారు గంటల బోధనకు ప్రస్తుత గెస్ట్ ఫ్యాకల్టీ ఏర్పాటును కొనసాగించవలసిందిగా కోరుతున్నాను. పాఠ్య ప్రణాళికలు, ప్రాక్టికల్ మాన్యువల్ 15-6-2026 లోపు శాఖకు అందజేస్తాను. పొడిగింపు కాలానికి అవసరమైన బాండు సమర్పిస్తాను. 1-7-2027న విధుల్లో చేరతాను.

భవదీయురాలు"

చూశావా, ఒక్క పేజీలో పట్టింది. మర్యాద ఎక్కడా తగ్గలేదు. కృతజ్ఞత చెప్పుకోవాలనిపిస్తే ఎదురుగా కలిసినప్పుడు చెప్పు, ఆయన సంతోషిస్తారు.

ఆరు నెలలే ఇస్తామంటే ఏం చేయాలో కూడా అడిగావు. నమూనాలూ కొంత విశ్లేషణా అయిపోతాయి, మిగతా కాలానికి జీతం లేని ఎక్స్‌ట్రార్డినరీ లీవు అడగొచ్చు, లేదా డ్యూటీలో చేరి అధ్యాయాలు రాసుకోవచ్చు. ఇంట్లో మాట్లాడుకుని ముందే ఏదో ఒకటి నిర్ణయించుకో. ఉత్తరంలో మాత్రం రాయకు. రాసి ఇస్తే తక్కువదే మంజూరవుతుంది. హెడ్ గారు నోటితో అడిగితే నోటితో చెప్పు.

ఒక చిక్కు మాత్రం నీ చేతిలో లేదు. ఒక డిపార్ట్‌మెంటులో ఒకేసారి ఇంతమందికి మించి స్టడీ లీవులో ఉండకూడదని పరిమితి ఉంటుంది. ఈ జూలైకి మీవాళ్లు ఇంకెవరైనా దరఖాస్తు పెట్టారేమో కనుక్కో. పెట్టి ఉంటే మీ హెడ్ గారికి అదే పెద్ద తలనొప్పి. అప్పుడు నువ్వు పొడిగింపు అడుగుతున్నావని, సగం దాటిన పని అని ఆయనకు విడిగా గుర్తుచేయాలి.

ఇక తేదీల సంగతి. జూన్ దాకా ఆగకు. వచ్చే ఏడాది టైమ్‌టేబుల్, గెస్ట్ ఫ్యాకల్టీ ప్రతిపాదన తయారయ్యేలోపే నీ కాగితం హెడ్ గారి బల్ల మీద ఉండాలి. ఉత్తర్వు చేతికి రాకుండా జూన్ 30 దాటితే, ఆ తర్వాతి రోజులు అనుమతి లేని గైర్హాజరు కింద పడే ప్రమాదం ఉంది. నాలుగో అర్ధసంవత్సర నివేదిక కూడా జూన్‌తో గడువుకొస్తుంది. అది ఆలస్యమైతే సెలవు జీతం ఆపవచ్చు, పైగా పని సాగుతోందని నువ్వు చెప్పిన మాటకే దెబ్బ.

ముందుగా గైడ్ గారి ఉత్తరం తెప్పించుకో. 'పరిశోధన బాగా సాగుతోంది' అని ఊరికే రాయించుకోకు. పూర్తయిన అధ్యాయాలు, కమిటీ అడిగిన రెండో వానాకాలం, జూన్‌లో సమర్పణ, ఈ మూడూ ఆయన మాటల్లో ఉండాలి. ఆయన తేదీలూ నీ తేదీలూ ఒక్కటేనా అని సరిచూసుకో, తేడా ఉంటే సెక్షన్‌వాళ్లు ముందు పట్టుకునేది దాన్నే. అది వచ్చాకే నీ ఉత్తరం మీద తేదీ వేసి, రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకో.

అమ్మగారు ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తున్నారా? మీ అత్త అడగమంది.

ఇట్లు
మీ మాస్టారు